09/05 అంటే మే నెలా, సెప్టెంబరా? కలగాపులగం ట్రావెల్ ప్లాన్‌ని సరిచేసుకునే పద్ధతి

మా తిరుపతిలో ఏ వీధికి పోయినా అమెరికాలో పిల్లలుండే ఇల్లు ఒకటి కనిపిస్తుంది, వాళ్లు వచ్చేటప్పుడు ప్లాన్ మాత్రం ఎప్పుడూ ఒక చేత్తో తయారవదు. ఫ్లైట్ టికెట్ అక్కడి ఏజెంట్ కొడతాడు, కారు, దర్శనం, రైలు ఇక్కడ ఎవరో మామ్మో చిన్నాయనో చూస్తారు, చివరికి అన్నీ కలిపి ఒక వాట్సాప్ మెసేజ్‌గా తిరుగుతా ఉంటాయి. విడివిడిగా చూస్తే ఏ ముక్కా తప్పు కాదు, కలిపి చదివినప్పుడే మొత్తం గందరగోళం. ఇట్లాంటివి విప్పి సరిచేసే పని నాకు బాగా అలవాటు కాబట్టి ఎట్లా చెయ్యాలో ఒక ప్లాన్ పెట్టుకుని మొదట్నుంచి చివరి దాకా చెప్తా.

ఇదీ మన ముందున్న ప్లాన్. డాలస్ నుంచి అక్కా బావా పిల్లలతో వస్తా ఉన్నారు, సంవత్సరం 2026. పై నాలుగు లైన్లు అక్కడి ఏజెంట్ పంపినవి, కింది నాలుగూ తిరుపతిలో చిన్నాయన రాసినవి. DFW అంటే డాలస్, DOH అంటే దోహా, MAA అంటే చెన్నై, రెండు DOH లైన్లలో మొదటిది దిగేది, రెండోది ఎక్కేది.

```
DFW      09/05 Sat   8:15p
DOH      09/06       6:45p
DOH      09/06       8:20p
MAA      09/07       3:10
పికప్     07/09       3.30
దర్శనం    09/09       12:00
రేణిగుంట   12/09       00:20  (హైదరాబాద్ రైలు)
తిరుగు బస్  16/09       6.00 - 6.30
```

ముందు ఎవరి లైన్లు ఎవరివో విడదీయండి

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, మొత్తం లిస్ట్‌కి ఒకే రూల్ పెట్టేస్తారు. "ఇండియా ట్రిప్పే కదా, అన్నీ తారీకు ముందు నెల తర్వాత" అనుకుంటే పై నాలుగు లైన్లు పోతాయి, "అమెరికా టికెట్ కదా" అనుకుంటే కింది నాలుగు పోతాయి. నేను గమనించింది ఏమంటే, తారీకు వరస రాసే మనిషి అలవాటుని బట్టి ఉంటుంది, కానీ టైమ్ రాసే తీరు ఆ మనిషి ఎక్కడ్నుంచి చూసి రాసుకున్నాడో దాన్ని బట్టి ఉంటుంది. చిన్నాయన తారీకులన్నీ ఒకే వరసలో రాస్తాడు, టైములు మాత్రం రైలు టికెట్ చూసి రాసింది ఒక రకం, బావ ఫోన్‌లో చెప్తే రాసుకుంది ఇంకో రకం. అందుకని తారీకుల్ని మనిషి మనిషికీ తేల్చాలి, టైముల్ని లైను లైనుకీ తేల్చాలి, రెండూ ఒకే దెబ్బకి తేలవు.

ఇంకో మాట, ఒరిజినల్ లిస్ట్‌ని దిద్దొద్దు. అట్లాగే పక్కన పెట్టి కొత్త కాలమ్‌లో తేల్చిన తారీకు రాసుకుంటా పోండి. దిద్దేస్తే ఏది వచ్చింది, ఏది మనం మార్చింది అని రేపు మనకే తెలీదు.

తారీకు ముందా, నెల ముందా

మొదటి పరీక్ష అందరికీ తెలిసిందే, ఆ మనిషి రాసినదాంట్లో ఎక్కడన్నా 12 దాటిన అంకె ఉందేమో చూడాలి. చిన్నాయన లిస్ట్‌లో 16/09 ఉంది, పదహారో నెల లేదు కాబట్టి ముందుది తారీకే. దాంతో ఆయన రాసిన నాలుగూ తేలిపోయినాయి. ఏడాదిలో 1 నుంచి 12 లోపు తారీకులు 144 ఉంటే, 09/09 లాగా ఎట్లా చదివినా ఒకటే అయ్యేవి 12, మిగతా 132 రోజులూ రెండు రకాలుగా చదవొచ్చు. కాబట్టి 12 దాటిన అంకె దొరకడం అదృష్టమే.

ఏజెంట్ లైన్లలో అట్లాంటిది లేదు. అప్పుడు చాలామంది వారం చూస్తారు, పక్కన Sat అని ఉంది కదా, క్యాలెండర్ తీసి ఏది శనివారమో చూస్తే సరి అని. మంచి పద్ధతే, కానీ ఈ తారీకుకి పనిచెయ్యదు! 2026లో సెప్టెంబర్ 5 శనివారం, మే 9 కూడా శనివారమే. ఇది ఈ ఒక్క ఏడాది ముచ్చట కాదు, మే 9, సెప్టెంబర్ 5 ఏ ఏడాదైనా ఒకే వారం నాడు వస్తాయి. జులై 11, నవంబర్ 7 కూడా అంతే, మార్చి 12, డిసెంబర్ 3 కూడా అంతే. లీపు కాని ఏడాదుల్లో ఇంకో మూడు జతలు కలుస్తాయి: జనవరి 7తో జులై 1, జనవరి 11తో నవంబర్ 1, ఫిబ్రవరి 8తో ఆగస్ట్ 2. 2026, 2027 రెండూ లీపు ఏడాదులు కావు కాబట్టి ఈ ఆరు జతలకీ వారం సాక్ష్యం చెల్లదు. మిగతా తారీకులకి నిశ్చింతగా వాడుకోవచ్చు. క్యాలెండర్ చూసేటప్పుడు మాత్రం రెండు రకాలుగానూ చూడండి, మనకి నచ్చిన తారీకుకి వారం కలిసింది చాలు అని ఆపేస్తే ఇట్లాంటి జతలో ఇరుక్కుంటారు.

మరి ఏజెంట్ లైన్లు ఎట్లా తేల్చాలి? వరసగా చదవండి, 09/05, 09/06, 09/07. రెండో అంకె ఒక్కొక్కటే పెరుగుతా ఉంది, మొదటిది కదలకుండా కూర్చుంది. తారీకు ముందు అనుకుని చదివితే మే 9న డాలస్‌లో ఎక్కి, జూన్ 9న దోహాలో దిగి, జులై 9న చెన్నైకి చేరినట్టు. ఎక్కడా అట్లాంటి విమానం లేదు కదా, కాబట్టి కదిలే అంకె తారీకు, కదలని అంకె నెల. సెప్టెంబర్ 5 బయల్దేరి 7న చెన్నై. నా లెక్కలో ఈ పరీక్ష వారం కంటే గట్టిది, ఎందుకంటే ప్రయాణం అనేది వరసగా జరిగేది, దాంట్లో రోజులు దాటుతాయి గానీ నెలలు దూకవు. ఒకే లైన్ ఉండి పక్కన ఇంకేం లేకపోతే మాత్రం ఇది పనికిరాదు, అప్పుడు ఏజెంట్‌ని మొత్తం టికెట్ పంపమనాలి.

రైలు టికెట్‌కి ఇంకో సాక్ష్యం ఉంది. 2024 నవంబర్ 1 నుంచి రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందు నుంచే ఇస్తారు, ప్రయాణం రోజుని వదిలేసి లెక్క. 12/09 అనేది సెప్టెంబర్ 12 అయితే బుకింగ్ జులై 14 ప్రాంతంలో తెరుచుకుంటుంది, డిసెంబర్ 9 అయితే అక్టోబర్ 10 ప్రాంతం దాకా తెరుచుకోదు. చిన్నాయన టికెట్ జులైలోనే చేతికొచ్చిందంటే డిసెంబర్ అయ్యే ప్రసక్తే లేదు. పైగా ఐఆర్‌సీటీసీ టికెట్ మీద నెల పేరు అక్షరాల్లోనే ఉంటుంది, కాబట్టి అనుమానమొస్తే లిస్ట్ పక్కన పడేసి టికెట్టే చూడండి. ఫ్లైట్లకి ఈ లెక్క పనికిరాదు, వాటిని దాదాపు ఏడాది ముందు నుంచే అమ్ముతారు.

ఇంట్లో పెద్దవాళ్లు వాడే సాక్ష్యం కూడా తీసిపారెయ్యొద్దు. "చవితికి హైదరాబాద్‌లో అత్తగారింట్లో ఉంటాం" అని అక్క అనింది, 2026లో వినాయక చవితి సెప్టెంబర్ 14, సోమవారం. 12న రైలెక్కి 16న తిరిగి రావడానికి మధ్యలో సరిగ్గా కూర్చుంది.

ఇప్పుడు టైములు

పీఎం ఉంటే 12 కలపాలి, ఏఎం ఉంటే అట్లాగే వదలాలి, ఇంతవరకూ అందరికీ వచ్చు. తేడా కొట్టేది 12 దగ్గరే. 12:10 ఏఎం అంటే 00:10, అంటే ఆ తారీకు మొదలైన పది నిమిషాలకి. 12:10 పీఎం అంటే మిట్టమధ్యాహ్నం, 12:10 గానే ఉంటుంది, దానికి ఇంకో 12 కలిపి 24:10 చెయ్యకూడదు. 16:30 పీఎం అని కూడా కొందరు రాస్తారు, అది సాయంత్రం నాలుగున్నరే, పీఎం అనేది ఊరికే తగిలించింది.

ఏజెంట్ రాసిన 8:15p లాంటివి సులభం, p అంటే పీఎం. ఇరకాటం MAA లైన్‌లో ఉంది, ఒట్టి 3:10 అని. పక్కన లైన్లకి p ఉంది కదా, దీనికి లేదంటే ఏఎం అయ్యుంటుంది అని వదిలేస్తారు చాలామంది, కానీ కాపీ పేస్ట్ చేసేటప్పుడు చివరి అక్షరం రాలిపోవడం చాలా మామూలు. కాబట్టి ప్రయాణం ఎంతసేపో లెక్కేసి తేల్చండి.

దోహాలో రాత్రి 8:20, అంటే 20:20. అక్కడ్నుంచి 3:10 ఏఎం దాకా గడియారం మీద 6 గంటల 50 నిమిషాలు. మన టైమ్ దోహా కంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి అది తీసేస్తే 4 గంటల 20 నిమిషాలు మిగుల్తాయి, దోహా నుంచి చెన్నైకి సరిపోయే టైమ్. అదే మధ్యాహ్నం 3:10 అయితే 16 గంటల 20 నిమిషాలు గాల్లో ఉన్నట్టు, నాన్‌స్టాప్ ఫ్లైట్‌కి కుదరదు. అందుకని 7వ తారీకు 03:10.

మొదటి ఫ్లైట్‌ని కూడా ఇట్లాగే సరిచూసుకోండి. డాలస్‌లో 20:15 నుంచి మర్నాడు దోహాలో 18:45కి గడియారం మీద 22 గంటల 30 నిమిషాలు, సెప్టెంబర్‌లో దోహా డాలస్ కంటే 8 గంటలు ముందుంటుంది, తీసేస్తే 14 గంటల 30 నిమిషాలు. బాగానే ఉంది. ఆ 6:45 ఏఎం అయ్యుంటే రెండున్నర గంటల్లో అమెరికా నుంచి దోహాకి వచ్చేసినట్టయ్యేది.

ఈ లెక్క ఓడిపోయే చోటు ఒకటుంది, అది తెలిసుండాలి. తిరుగు బస్ 6.00 - 6.30 అని ఉంది చూడండి. హైదరాబాద్ నుంచి తిరుపతికి బస్ పన్నెండు గంటలు అటూ ఇటూ పడుతుంది. పొద్దున 6కి ఎక్కితే సాయంత్రం ఆరున్నరకి దిగుతారు, సాయంత్రం 6కి ఎక్కితే పొద్దున ఆరున్నరకి దిగుతారు, రెండూ పన్నెండున్నర గంటలే! ప్రయాణం పన్నెండు గంటల దరిదాపుల్లో ఉంటే ఈ పరీక్ష ఏమీ చెప్పదు. "అంత దూరం ఎవరన్నా రాత్రే వస్తారు కదా" అనిపిస్తుంది, ఎక్కువసార్లు నిజమే కూడా, కానీ చిన్నపిల్లలుండేవాళ్లు పగటి బస్ పట్టుకుని కూడా వస్తారు. ఇక్కడ ఊహించకుండా టికెట్ మీద దిగే తారీకు చూడండి. 17 అని ఉంటే రాత్రి బస్, 16 అని ఉంటే పగటి బస్. ఈ ప్లాన్‌లో టికెట్ మీద 17 ఉంది, కాబట్టి ఎక్కేది 18:00.

దర్శనం 12:00 ఇంకో రకం చిక్కు. ఇరవై నాలుగు గంటల పద్ధతిలో రాసిందైతే 12:00 అంటే మధ్యాహ్నమే, అర్ధరాత్రిని 00:00 అని రాస్తారు. పన్నెండు గంటల పద్ధతిలోదైతే రెండూ అవ్వొచ్చు. కింద రేణిగుంట లైన్‌లో 00:20 ఉంది కదా, చిన్నాయన ఇరవై నాలుగు గంటల పద్ధతిలోనే రాస్తాడు అనుకోవడానికి లేదు, ఆ 00:20 రైలు టికెట్ చూసి దించుకున్నది, దానికీ దర్శనం లైన్‌కీ సంబంధం లేదు. తారీకుకి మాత్రం దిగులు లేదు, 09/09ని ఎట్లా తిప్పినా 9 సెప్టెంబర్, బుధవారం. టైమ్ కోసం మూడొందల టికెట్ ఫోటో పెట్టమని అడగండి, దాని మీద స్లాట్ రాసుంటుంది.

రాత్రి అనే మాట దగ్గర జాగ్రత్త

అంకెలన్నీ తేల్చుకున్నాక కూడా ఒక గండం మిగిలే ఉంటుంది, అది నోటిమాటలో ఉంది. మన ఇళ్లల్లో రోజు అంటే పొద్దు పొడిచిన దగ్గర్నుంచి మళ్లీ పొద్దు పొడిచే దాకా, పంచాంగంలో వారం లెక్క కూడా అట్లాగే ఉంటుంది. ఎయిర్‌లైన్స్‌కీ రైల్వేకీ మాత్రం అర్ధరాత్రి 12 దాటితే కొత్త తారీకు. ఫ్లైట్ దిగేది సెప్టెంబర్ 7 సోమవారం 03:10, దాన్ని అమ్మ "ఆదివారం రాత్రి మూడు గంటలకి దిగతారు" అనింటుంది. ఆమె మాట కూడా తప్పు కాదు, ఆదివారం భోంచేసి పడుకున్న రాత్రే కదా అది. కానీ కారు డ్రైవర్‌కి "ఆరో తారీకు ఆదివారం రాత్రి 3" అని చేరితే, అతను 6వ తారీకు తెల్లవారుజామున మూడింటికి చెన్నై ఎయిర్‌పోర్ట్ ముందర నిలబడే వీలుంది, ఒక రోజు ముందు. అట్లాగే "ఏడో తారీకు రాత్రి 3" అని చెప్తే 8వ తారీకు తెల్లవారుజామున వస్తాడు, పిల్లల్ని పెట్టుకుని వాళ్లు ఒక పూర్తి రోజు ఎదురుచూడాల్సి వస్తుంది.

దీనికి నేను పట్టే దారి ఏమంటే, చేరే టైమ్‌తో పాటు ఇక్కడ బయల్దేరే టైమ్ కూడా చెప్పేస్తా: "ఆదివారం 6వ తారీకు రాత్రి భోంచేసి 11కి తిరుపతిలో బయల్దేరన్నా, సోమవారం 7 తెల్లవారుజామున 3:10కి ఫ్లైట్ దిగతాది". రెండు వారాల పేర్లు, రెండు తారీకులు ఒకే మాటలో వచ్చేస్తాయి కాబట్టి ఇంకో రకంగా అర్థం చేసుకోవడానికి ఏమీ ఉండదు. ఇమిగ్రేషన్, లగేజ్ అయ్యి బయటికి రావడానికి గంట పైనే పడుతుంది, కాబట్టి చిన్నాయన రాసిన పికప్ 3.30ని 4.30 చేసుకుంటే డ్రైవర్‌కి కూడా పార్కింగ్ కలిసొస్తుంది.

రేణిగుంట రైలుదీ అదే కథ. 12వ తారీకు 00:20 అంటే శుక్రవారం 11 రాత్రి ఇంట్లో బయల్దేరాలి. శనివారం 12 కదా అని ఆ రాత్రి తీరిగ్గా స్టేషన్‌కి పోతే రైలు దాదాపు ఒక రోజు ముందే వెళ్లిపోయుంటుంది. 00 తో మొదలయ్యే ఏ టైమ్ కనిపించినా పక్కనే "ముందు రోజు రాత్రి ఇంట్లో బయల్దేరాలి" అని రాసిపెట్టండి.

ఎక్సెల్‌లో పేస్ట్ చేసే ముందు

బావ లాంటివాళ్లు ఇదంతా షీట్‌లో పెట్టి ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో తెరుస్తారు. ఆ ల్యాప్‌టాప్ సెట్టింగ్ అమెరికాది అయితే చిన్నాయన రాసిన 07/09ని చడీచప్పుడు లేకుండా జులై 9గా, 12/09ని డిసెంబర్ 9గా మార్చేస్తుంది. 16/09ని మాత్రం ఏం చెయ్యాలో తెలీక ఒట్టి టెక్స్ట్‌గా వదిలేస్తుంది. కాలమ్‌లో కొన్ని తారీకులు కుడివైపుకీ కొన్ని ఎడమవైపుకీ అంటుకుని కనిపిస్తే అదే గుర్తు, చిన్నాయన లైన్లలో కుడివైపువి తిరగబడినవి, ఎడమవైపువి ముట్టుకోనివి. పక్క కాలమ్‌లో ఇది పెట్టి చూడండి:

```
=TEXT(A2,"dd-mmm-yyyy ddd")
```

నెల పేరు తప్పుగా వస్తే ఆ లైన్లకి మాత్రం ఇది:

```
=DATE(YEAR(A2),DAY(A2),MONTH(A2))
```

మొత్తం కాలమ్‌కి లాగేస్తే సరిగ్గా ఉన్నవి కూడా తిరగబడతాయి, టెక్స్ట్‌గా ఉన్నవాటికి ఎర్రర్ వస్తుంది, కాబట్టి లైను లైను చూసి పెట్టాలి. అసలు సులువు పని ఏమంటే పేస్ట్ చేసే ముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టేయడం. గూగుల్ షీట్స్‌లో అయితే సెట్టింగ్స్‌లో లొకేల్ ఇండియా ఉందో లేదో చూసుకోండి.

అందరికీ పంపాల్సిన లిస్ట్

నెల అక్షరాల్లో, వారం పక్కన, టైమ్ ఇరవై నాలుగు గంటల్లో, ఏ ఊరి టైమో ఊరి పేరుతో:

```
శని  5 సెప్టెంబర్ 2026   20:15  డాలస్‌లో ఎక్కడం
ఆది  6 సెప్టెంబర్        18:45  దోహా చేరడం
ఆది  6 సెప్టెంబర్        20:20  దోహాలో ఎక్కడం
ఆది  6 సెప్టెంబర్        23:00  తిరుపతిలో కారు బయల్దేరడం
సోమ  7 సెప్టెంబర్        03:10  చెన్నైలో దిగడం (పికప్ 04:30)
బుధ  9 సెప్టెంబర్        ??     దర్శనం - టికెట్ చూడాలి
శని  12 సెప్టెంబర్       00:20  రేణిగుంట రైలు (శుక్రవారం రాత్రే బయల్దేరాలి)
బుధ  16 సెప్టెంబర్       18:00  హైదరాబాద్ బస్
గురు 17 సెప్టెంబర్       06:30  తిరుపతి చేరడం
```

తేలనిదాన్ని ఊహించి నింపకుండా ప్రశ్న గుర్తుతోనే పంపండి, చూసినవాళ్లల్లో ఎవరి దగ్గరో టికెట్ ఉంటుంది, వాళ్లే చెప్తారు. అడిగేటప్పుడు "మధ్యాహ్నమే కదా?" అంటే బిజీలో ఉన్న మనిషి ఊ అనేస్తాడు, "టికెట్ మీద ఏముందో అట్లాగే చదువు చిన్నాయనా" అనండి.

తిరుగు ఫ్లైట్ నవంబర్ 1 తర్వాత ఉంటే ఒక్కటి మార్చుకోవాలి, 2026లో ఆ రోజు అమెరికాలో గడియారాలు గంట వెనక్కి పెడతారు, డాలస్‌కీ మనకీ పదిన్నర గంటలున్న తేడా పదకొండున్నర అవుతుంది, ప్రయాణం ఎంతసేపో తేల్చేటప్పుడు ఆ తేడానే వాడండి.